నీరు తాగని గుడ్డ రంగు తాగదు

గృహవిజ్ఞానం ప్రాజెక్టు అనగానే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చేసే పనులు మూడున్నాయి. కొందరు నూలు, పట్టు, ఉన్ని, పాలిస్టర్ ముక్కల్ని అట్టమీద అతికించి కింద పేర్లు రాస్తారు. కొందరు బీట్‌రూటో పసుపో ఉడకబెట్టి తెల్ల చేతిరుమాలుకు రంగు వేస్తారు. ఇంకొందరు తువాలు ముక్కనూ చీర ముక్కనూ నీళ్లలో ముంచి, ఏది ఎక్కువ పీల్చిందో పట్టిక గీస్తారు. పీచులు, చెట్ల రంగులు, నీటి పరీక్షలు అంటూ వీటిని మూడు వేరువేరు అంశాలుగా ఇవ్వడం వల్ల మూడూ పైపైనే ఆగిపోతాయి. నిజానికి ఈ మూడింటిలోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే: పీచులోకి నీరు ఎలా వెళ్తుంది? రంగు నీటిలోనే కదా కరిగి ఉండేది. నీరు వెళ్లలేని చోటికి రంగూ వెళ్లలేదు.

ఈ ప్రశ్నకు ఒక మీటరు కోరా గుడ్డతో జవాబు వెతకవచ్చు. కోరా గుడ్డ అంటే మగ్గం మీంచి దిగాక ఉడకబెట్టకుండా, బ్లీచింగ్ చేయకుండా అమ్మే నూలు గుడ్డ. కొంచెం పసుపు తిరిగిన మీగడ రంగులో ఉంటుంది. దగ్గరగా చూస్తే పత్తిగింజల పొట్టు గోధుమరంగు చుక్కలుగా కనిపిస్తుంది. చేనేత సహకార సంఘాల దుకాణాల్లోనూ, లైనింగు గుడ్డలు అమ్మే కొట్లలోనూ దొరుకుతుంది. తెల్లటి మిల్లు గుడ్డ కొంటే ఈ ప్రాజెక్టు సాగదు, ఎందుకంటే మనం చేసి చూడాల్సిన పని మిల్లులోనే జరిగిపోయి ఉంటుంది.

ముందు అది నిజంగా నూలేనా అని తేల్చుకోవాలి. దుకాణంలో కాటన్ అని చెప్పి ఇచ్చే గుడ్డల్లో పాలిస్టర్ కలిసినవి చాలా ఉంటాయి. గుడ్డలోంచి నిలువు పోగు ఒకటి, అడ్డపోగు ఒకటి లాగి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, చిమటాతో పట్టుకుని కొవ్వొత్తి మంటలో పెట్టాలి. కింద నీళ్లు పోసిన పళ్లెం ఉండాలి. నూలు కాగితంలాగా గబుక్కున అంటుకుని కాలుతుంది, కాగితం కాలిన వాసనే వస్తుంది, మిగిలిన బూడిద వేలితో తాకితే పొడైపోతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, నల్లపొగ వదిలి, చల్లారాక గట్టి పూసగా మిగులుతుంది. పట్టుకూ ఉన్నికీ వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నల్లటి పూస వచ్చినా అది వేళ్ల మధ్య నలుగుతుంది. రెండు దిశల పోగులూ చూడమన్నది ఎందుకంటే, కొన్ని గుడ్డల్లో నిలువు పోగు ఒక పీచుది, అడ్డపోగు మరొక పీచుది కావచ్చు.

నూలేనని తేలాక గుడ్డను 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కత్తిరించాలి. మామూలు మందం గుడ్డ అయితే ఒక్కో ముక్క ఐదు గ్రాముల చుట్టూ తూగుతుంది. ఏ ముక్కకు ఏం చేశామో తర్వాత గుర్తుండదు కాబట్టి మూలన రంగుదారంతో ఒక కుట్టు, రెండు కుట్లు, మూడు కుట్లు అని గుర్తు పెట్టుకోవాలి. పెన్నుతో రాసిన గుర్తు ఉడుకునీళ్లలో నిలవదు.

ఇప్పుడు మొదటి పరీక్ష. ఒక కోరా ముక్కను ఎంబ్రాయిడరీ రింగులో బిగించి, మందుల దుకాణంలో దొరికే డ్రాపరుతో ఒక సెంటీమీటరు ఎత్తునుంచి ఒక్క నీటిబొట్టు వదలాలి. బొట్టు పడగానే ఫోనులో స్టాప్‌వాచ్ మొదలుపెట్టాలి. కిటికీ వైపు తిరిగి పక్కనుంచి చూస్తే బొట్టు మీద వెలుతురు మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు పోయి మామూలు తడి మరకగా మారిన క్షణంలో ఆపాలి. వస్త్ర పరిశ్రమలోనూ ఇదే పరీక్ష చేస్తారు. ఐదు సెకన్ల లోపు బొట్టు ఇంకితే గుడ్డ రంగుకు సిద్ధమని లెక్క. కోరా గుడ్డ మీద మాత్రం బొట్టు తామరాకు మీద నీటిలా నిలిచిపోతుంది. ఒక నిమిషం దాటినా కదలకపోవడం మామూలే. ఒకే ముక్క మీద వేరువేరు చోట్ల ఐదు బొట్లు వేసి సగటు తీయాలి. ఒక్క బొట్టు లెక్కను నమ్మకూడదు, ఒక చోట పోగు పలచగా ఉండవచ్చు, ఇంకోచోట గింజపొట్టు ఉండవచ్చు.

నూలు నీరు పీలుస్తుందని పాఠంలో చదివిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. పాఠం తప్పేమీ కాదు. నూలుపీచు దాదాపు అంతా సెల్యులోజే, సెల్యులోజుకు నీరంటే ఇష్టం. గాలిలోని తేమనుంచే అది తన బరువులో దాదాపు 8.5 శాతం నీటిని తీసుకుంటుంది. ఉన్ని 16 శాతం దాకా తీసుకుంటుంది, పాలిస్టర్ మాత్రం 0.4 శాతం దగ్గరే ఆగిపోతుంది. కానీ పత్తిపీచు చేలో ఎండకూ మంచుకూ నిలబడాలి కాబట్టి మొక్క దాని మీద సన్నటి మైనపు పొర పూసి పంపుతుంది. పీచు బరువులో అది ఒక శాతం కూడా ఉండదు. అయినా పైపొరంతా అదే కావడంతో నీటిని లోపలికి రానివ్వదు. దాని మీద మగ్గంలో నిలువు పోగులు తెగకుండా పట్టించిన గంజి ఒకటి. అంటే సెల్యులోజు లోపల ఉంది, తలుపులు మూసి ఉన్నాయి.

గంజి ఉందో లేదో సైన్సు ల్యాబులో తెలుస్తుంది. ఆహారంలో పిండిపదార్థం కనిపెట్టడానికి వాడే అయోడిన్ ద్రావణాన్ని ఒక చుక్క వేస్తే, గంజి ఉన్నచోట నీలి నలుపు వస్తుంది. ముక్కల్ని ఒక రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పొద్దున చేతులతో బాగా పిసికి జాడించి, మూలన మళ్లీ అయోడిన్ వేసి చూడాలి. నీలం తగ్గేదాకా ఇదే చేయాలి. అయోడిన్ తాకిన మూలను తర్వాత కత్తిరించేయాలి, లేకపోతే ఆ మరక రంగుతో కలిసి తికమక పెడుతుంది.

గంజి పోయినా బొట్టు ఇంకా నిలుస్తూనే ఉంటుంది. మైనం నీళ్లకు పోయేది కాదు, దానికి క్షారమూ వేడీ రెండూ కావాలి. మన ఊళ్లలో చాకళ్లు గుడ్డల్ని చౌడు నీళ్లలో తడిపి ఉబ్బ వేసేది ఇందుకే. చౌడు మట్టిలో ఉండే క్షారం వాషింగ్ సోడా జాతిదే. ఇంట్లో చేయడానికి సగం ముక్కల్ని పక్కన పెట్టి, మిగతా సగాన్ని స్టీలు గిన్నెలో ఒక లీటరు నీళ్లు, ఒక చిన్న చెంచా వాషింగ్ సోడా, కొంచెం బట్టల సబ్బు తురుము వేసి, సన్నటి మంట మీద గంటసేపు ఉడకనివ్వాలి. గుడ్డ ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. అల్యూమినియం గిన్నె వాడకూడదు, సోడా దాన్ని తినేస్తుంది. తినే సోడా కూడా పనికిరాదు, దాని క్షారం మరీ తక్కువ. అరగంట గడిచేసరికి నీళ్లు పలచటి టీ రంగులోకి మారతాయి. తెల్లగా ఉందనుకున్న గుడ్డలోంచి ఇంత మురికి రావడం పిల్లలకు ఆశ్చర్యంగా ఉంటుంది, కానీ అది మురికి కాదు, పత్తిలో సహజంగా ఉండే మైనమూ పెక్టిన్లూ రంగుపదార్థాలూ. తర్వాత మొదట వేడినీళ్లలో, ఆపైన చన్నీళ్లలో నాలుగైదుసార్లు జాడించి ఆరబెట్టాలి. మొదటే చన్నీళ్లు పోస్తే కరిగిన మైనం మళ్లీ గుడ్డ మీదే పేరుకుంటుంది.

ఆరిన ముక్క మీద బొట్టు వేయండి. మెరుపు చూసేలోపే మాయమవుతుంది. ఒకే గుడ్డ, ఒకే పీచు, ఒకే నేత. మధ్యలో మారింది ఆ పొర ఒక్కటే. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. ఇక్కడే పిల్లలకు పోలిక అంటే ఏమిటో కూడా బోధపడుతుంది. మందపాటి టర్కీ తువాలును పలచటి పాలిస్టర్ చీరతో పోల్చి, నూలే గొప్పదని రాసిన రికార్డులు చాలా కనిపిస్తాయి. అక్కడ పీచు మారింది, మందం మారింది, నేత మారింది. గెలిచింది పీచో, తువాలు మీది పోగుల ఉచ్చులో చెప్పలేం. పాలిస్టర్ పీచులోకి నీరు వెళ్లకపోయినా, పోగుల మధ్య సందుల్లో పాకగలదు. ఆటగాళ్ల జెర్సీలు చెమటను లాగేది ఆ దారినే.

ఈ పాకుడును విడిగా కొలవవచ్చు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలు కత్తిరించి, స్కేలు పక్కన వేలాడదీసి, కింది కొస రెండు సెంటీమీటర్లు సిరా కలిపిన నీటిలో మునిగేలా ఉంచి, ఒకటి, ఐదు, పది నిమిషాలకు తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో రాయాలి. అన్ని పట్టీల్నీ నిలువు పోగు దిశలోనే కత్తిరించాలి, దిశ మారితే ఎత్తు మారుతుంది. తడిని చూడాలి, సిరాను కాదు. గుడ్డ సిరాను కొంత పట్టేసుకుంటుంది కాబట్టి రంగు గీత నీటికన్నా కింద ఆగిపోతుంది. బరువు పరీక్ష చేసేవాళ్లు ముక్కను పొడిగా తూచి, నానబెట్టి, పిండకుండా రెండు నిమిషాలు వేలాడదీసి మళ్లీ తూచాలి. ఉదాహరణకు పొడి ముక్క 5 గ్రాములు, తడి ముక్క 13 గ్రాములు అనుకుంటే, పీల్చింది 8 గ్రాములు, అంటే పొడి బరువుకు 160 శాతం. పిండితే ఒకరి చేతి బలం ఇంకొకరిది కాదు, లెక్కలు కలవవు.

ఇక రంగు. ఇక్కడ బీట్‌రూట్‌ను వదిలేయమని గట్టిగా చెబుతాను. గిన్నెలో అది ఎంత ఎర్రగా ఉన్నా నూలును పట్టుకోదు, రెండో ఉతుకుకే పోతుంది. పసుపు నూలుకు చక్కగా ఎక్కుతుంది, కానీ ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. దానిమ్మ తొక్కలు ఈ పనికి బాగుంటాయి. వాటిలో రంగుతోపాటు టానిన్ దండిగా ఉంటుంది, అది సెల్యులోజును అంటిపెట్టుకుంటుంది. దానికి పటిక తోడైతే రంగు ఇంకా బాగా నిలుస్తుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో పీచునూ మరో చేత్తో రంగునూ పట్టుకుంటుంది.

లెక్కలన్నీ పొడి గుడ్డ బరువు మీద వేయాలి. ఒక కోరా ముక్క, ఒక ఉడికిన ముక్క తీసుకుంటే పది గ్రాములు. దానికి గుడ్డతో సమానంగా ఎండిన దానిమ్మ తొక్కలు పది గ్రాములు, గుడ్డ బరువులో 20 శాతం పటిక, అంటే రెండు గ్రాములు. తొక్కల్ని చిదిపి అరలీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున ముప్పావు గంట ఉడకబెట్టి, పాతగుడ్డతో వడగట్టాలి. నలక మిగిలితే గుడ్డ మీద మచ్చలు పడతాయి. పటికను వేడినీళ్లలో కరిగించి, 300 మిల్లీలీటర్లు చేసి, రెండు ముక్కల్నీ కలిపి గంటసేపు అందులో ఉంచాలి. తీసి, మెల్లగా పిండి, రంగునీటిలో వేసి, ఆవిరి వస్తూ ఉండి తెర్లకుండా ఉండే వేడిలో ముప్పావు గంట, కర్రతో తిప్పుతూ ఉంచాలి. మంట ఆపాక అదే నీటిలో చల్లారనిచ్చి, జాడించి, నీడలో ఆరబెట్టాలి. ఈ గిన్నె, కర్ర మళ్లీ వంటకు వాడకూడదు.

రెండు ముక్కల్నీ ఒకే గిన్నెలో వేయడం ముఖ్యం. వేరువేరు గిన్నెలైతే తేడా గుడ్డదో గిన్నెదో తెలియదు. వేసిన నిమిషంలోనే తేడా కనిపిస్తుంది. ఉడికిన ముక్క నేరుగా మునుగుతుంది. కోరా ముక్క కింద గాలి బుడగలు పట్టుకుని పైకి తేలుతుంది, కర్రతో నొక్కినా మళ్లీ లేస్తుంది. ఆరాక చూస్తే ఉడికిన ముక్క అంతటా ఒకే పసుపు. కోరా ముక్కలో మాత్రం పాలిపోయిన మచ్చలు, మడత పడిన చోట గీతలు ఉంటాయి.

ఒక చిక్కు గమనించాలి. కోరా గుడ్డకు సొంత పసుపు ఉంది కాబట్టి, కొన్నిసార్లు రంగు వేసిన కోరా ముక్కే ముదురుగా కనిపిస్తుంది. అందుకే రంగు వేయని కోరా ముక్కనూ, రంగు వేయని ఉడికిన ముక్కనూ పక్కన పెట్టి పోల్చాలి. ఎంత మారిందన్నది లెక్క, ఎంత ముదురన్నది కాదు. వేడినీళ్లలో చాలాసేపు ఉంటే కోరా గుడ్డ కూడా చివరికి తడుస్తుంది, కొంత రంగు తీసుకుంటుంది. కాబట్టి అది రంగు అసలే పట్టలేదని రాస్తే తప్పు. సమంగా పట్టలేదు, తక్కువగా పట్టింది అని రాయాలి. ఇంకో చిక్కు నీళ్లది. బోరు నీళ్లలో ఇనుము ఉంటే టానిన్‌తో కలిసి పసుపు కాస్తా ఆకుపచ్చ బూడిదరంగుకు తిరుగుతుంది. పసుపు రావాల్సిన చోట మురికిరంగు వస్తే ముందు నీళ్లను అనుమానించాలి, తర్వాత గిన్నె తుప్పును. వాననీళ్లతో ఇంకోసారి చేస్తే సంగతి తేలిపోతుంది.

ఆ ఇనుము నలుపునే శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు పనిగట్టుకుని తెప్పిస్తారు. నీటి పరీక్షకు అసలైన అర్థం దొరికేది వాళ్ల దగ్గరే. వాళ్లు గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో వేసి వారాలపాటు పులియబెట్టి తీసిన ద్రవాన్ని కసిమి అంటారు. కలంతో ఆ కసిమితో గీత గీస్తే, ఇనుమూ కరక్కాయలోని టానిన్ కలిసి నల్లబడుతుంది. మరి పాలెందుకు? ఉడికిన నూలు గుడ్డ నీటిని ఇట్టే లాగేస్తుందని ఇంతకుముందే చూశాం. అలాంటి గుడ్డ మీద కలం పెడితే గీత నాలుగువైపులా పాకిపోయి కన్నూ ముక్కూ ఒకటైపోతాయి. పాలలోని కొవ్వు ఆ పాకుడును ఆపుతుంది. అంటే సోడాతో ఊడ్చేసిన మైనం చేసే పనినే, కావలసిన మేరకు, కావలసినంత కాలం, పాలచేత చేయిస్తారు. రంగు మునగడానికి గుడ్డ నీరు తాగాలి, గీత నిలవడానికి తాగకూడదు. ఈ రెండింటి మధ్య గుడ్డను ఎక్కడ నిలపాలన్నది తరాలుగా వాళ్ల చేతికి తెలుసు.

ఇది బడిలో చేసి చూడదగ్గది. ఉడికిన ముక్కలు మూడు తీసుకోవాలి. ఒకటి అలాగే ఉంచాలి. రెండోదాన్ని ఒక గ్రాము కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టి ఎండబెట్టాలి. మూడోదాన్ని అంతే పొడి కలిపిన చిక్కటి గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో గబగబా ఆరబెట్టాలి, నీడలో మెల్లగా ఆరితే వాసన పడుతుంది. కసిమికి బదులు, తుప్పు పట్టిన మేకుల్ని గాజుసీసాలో వెనిగర్‌లో మూత వదులుగా పెట్టి వారం ఉంచితే చాలు. బట్టలకు అంటితే మరక పోదు కాబట్టి పాతబట్టలతో చేయాలి. మూడు ముక్కల మీదా ఒకే డ్రాపరుతో ఒక్కో చుక్క వేసి, పది నిమిషాల తర్వాత మచ్చ వెడల్పును మిల్లీమీటర్లలో కొలవాలి. మామూలు ముక్క మీద మచ్చ పెద్దదవుతుంది, కానీ తుప్పురంగే. కరక్కాయ ముక్క మీద నల్లబడుతుంది, అంచులు పాకుతాయి. పాలు కలిపిన ముక్క మీద నలుపూ ఉంటుంది, మచ్చ చిన్నగానూ ఉంటుంది. ఇక్కడ కరక్కాయ చేసిన పని వేరు, పాలు చేసిన పని వేరు అని విడదీసి చూపేది ఆ రెండో ముక్కే. అది లేకపోతే ప్రయోగం కుంటుతుంది.

మచ్చ అనుకున్నంత చిన్నగా రాకపోతే పాలను చూడాలి. ప్యాకెట్టు పాలలో కొవ్వు తక్కువ రకాలు ఉంటాయి. వెన్న తీసిన పాలు, టోన్డ్ పాలు, గేదెపాలు మూడింటితో మూడు ముక్కలు చేసి మచ్చలు కొలిస్తే, కొవ్వుకూ పాకుడుకూ సంబంధం ఉందో లేదో పిల్లలే చెప్పగలరు. ఒక తరగతి మొత్తం పంచుకుని చేయడానికి ఇది తగిన పని.

చివరి పరీక్ష పాల ముక్క మీదే. అద్దకం నడుమ శ్రీకాళహస్తిలో గుడ్డల్ని పారే నీటిలో మళ్లీ మళ్లీ ఉతుకుతారు. మనం ఆ ముక్కను సబ్బుతో ఉతికి, ఆరబెట్టి, నల్ల మచ్చకు దూరంగా ఉన్నచోట ఒక మంచినీటి బొట్టు వేసి సెకన్లు లెక్కపెట్టాలి. ఉతకకముందు ఎన్ని, ఒకసారి ఉతికాక ఎన్ని, మూడుసార్లు ఉతికాక ఎన్ని అని వరసగా రాసుకుంటూ పోతే, పాలపొర ఎప్పుడు పోయిందో, గుడ్డ మళ్లీ రంగునీటికి ఎప్పుడు సిద్ధమైందో ఆ అంకెల్లోనే కనిపిస్తుంది.